కర్నూలు ఉల్లికీ హైదరాబాదు ధరకూ మధ్య ఎవరున్నారు?

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి కుప్ప ముందు నిలబడిన వ్యాపారిని గమనించండి. ఒక చేత్తో గడ్డ తీసుకుని మెడ దగ్గర బొటనవేలితో నొక్కుతాడు. మెత్తగా తగిలితే సరుకు ఇంకా ఆరలేదని, దారిలో కుళ్లే ప్రమాదం ఉందని అతనికి తెలుస్తుంది. రెండో చేతిలో ఫోను ఉంటుంది. అవతల హైదరాబాదు మలక్‌పేట మార్కెట్లోని కమీషన్ ఏజెంటు ఆ పూట ధర చెబుతుంటాడు. గడ్డ నాణ్యత, అక్కడి ధర రెండూ తెలిశాకే ఇక్కడ వేలంలో నోరు విప్పుతాడు.

ఒకే సరుకుకు రెండు చోట్ల రెండు ధరలు ఉన్నప్పుడు చౌకగా ఉన్నచోట కొని, ప్రియంగా ఉన్నచోట అమ్మడాన్ని ఆర్బిట్రేజ్ అంటారు. అసలైన ఆర్బిట్రేజ్‌లో కొనుగోలు ధరా అమ్మకపు ధరా ఒకేసారి ఖాయమైపోతాయి. మలక్‌పేట కొనుగోలుదారు ఫోనులోనే ధర ఒప్పుకుని, ఇతను ఆ వెంటనే ఇక్కడ కొంటే అది ఆర్బిట్రేజ్. రేపు అక్కడ మంచి ధర పలుకుతుందన్న నమ్మకంతో లారీ ఎక్కిస్తే అది పందెం. మన యార్డుల్లో జరిగేది చాలావరకు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం నేను అనుకున్నవి. కర్నూలులో క్వింటాలు 1,000 రూపాయలు, హైదరాబాదులో 1,500. పైకి 500 తేడా కనిపిస్తోంది. పది టన్నుల లారీకి కిరాయి 15,000 అయితే క్వింటాలుకు 150 పడుతుంది. సంచులకు 50, రెండు చోట్లా హమాలీలకు కలిపి 40, ఇక్కడ మార్కెట్ సెస్సు 10, అక్కడ నాలుగు శాతం కమీషన్ అనుకుంటే 60. దారిలో తేమ ఆరి, కొన్ని గడ్డలు చెడి, నూటికి మూడు వంతులు తరుగు పోతే మరో 45. మొత్తం 355. అంటే 500 తేడాలో వ్యాపారికి మిగిలేది 145, లారీకి 14,500 రూపాయలు.

ఈ లెక్క తెలిసినవాడు అతనొక్కడే కాదు. పక్కనున్న నలుగురి ఫోనుల్లోనూ అదే ధర వినిపించింది. సరుకు దక్కించుకోవాలని ఒకరు 1,020 అంటే మరొకరు 1,050 అంటారు. కర్నూలులో పాట 1,080కి చేరిందనుకుందాం. ఇక్కడి నుంచి వరసగా లారీలు దిగడంతో హైదరాబాదు ధర 1,440కి తగ్గిందనుకుందాం. ఇప్పుడు తేడా 360, ఖర్చు సుమారు 352. చివరి లారీవాడికి క్వింటాలుకు ఎనిమిది రూపాయలు మిగిలాయి. ఇక కొత్తగా ఎవరూ లారీ మాట్లాడరు. తేడా మూసుకుపోవడమంటే ఇదే. అది సున్నాకు రాదు, ఖర్చుకు సమానమయ్యేదాకా వచ్చి ఆగుతుంది. కాబట్టి రెండు ఊళ్ల ధరల మధ్య మూడు, నాలుగు వందల తేడా చూసిన ప్రతిసారీ దోపిడీ అనడం సరికాదు. షేర్లకు లారీ కిరాయి లేదు, తరుగు లేదు, అందుకే ఒకే కంపెనీ షేరు ధరలో రెండు ఎక్స్ఛేంజీల మధ్య తేడా వస్తే కంప్యూటర్లు రెప్పపాటులో దాన్ని మింగేస్తాయి.

ఇందులో లాభం ఎవరికి దక్కింది? ముందుగా కదిలిన వ్యాపారికి క్వింటాలుకు నూట నలభై దాకా వచ్చింది. ఆలస్యంగా వచ్చినవాడికి దాదాపు ఏమీ లేదు. హైదరాబాదులో కొన్నవారికి అరవై రూపాయలు తగ్గింది. నా దృష్టిలో ముఖ్యమైనది ఆ తర్వాతి మాట: యార్డు దాటి అడుగు వేయని రైతుకు పాట పెరగడం వల్ల ఎనభై రూపాయలు ఎక్కువ వచ్చాయి. దళారి అనగానే మనం ముఖం చిట్లిస్తాం. కానీ ఇద్దరు దళారులు ఒకే కుప్ప కోసం పోటీపడినప్పుడు ఆ పోటీ రైతు జేబులోకే చేరుతుంది.

ఆ పోటీ లేకపోతే ఏమవుతుంది? యార్డులో కొనేవారు ఇద్దరే ఉండి, వారిద్దరూ ఒక మాట మీద ఉంటే పాట 1,000 దగ్గరే ఆగిపోతుంది. రైతుకు చేరాల్సిన ఎనభై వారి దగ్గరే ఉండిపోతుంది. హైదరాబాదు ధర ఎంతో రైతుకు తెలిసినా ప్రయోజనం ఉండదు.

ధర తెలిస్తే చాలు, రైతు బాగుపడతాడనే మాట తరచుగా వింటాం. దానికి ఆధారంగా కేరళ జాలర్ల కథ చెబుతారు. ఉత్తర కేరళ తీరంలో 1997 నుంచి 2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చాయి. అంతకు ముందు ఒక రేవులో కొనేవారు లేక చేపలు పారబోస్తుంటే, పదిహేను కిలోమీటర్ల లోపే మరో రేవులో కొనేవారు చేపలు దొరక్క వెనుదిరిగేవారు. ఫోన్లు వచ్చాక రేవుల మధ్య ధరల తేడా బాగా తగ్గిందని, జాలర్ల లాభం ఎనిమిది శాతం పెరిగిందని, వినియోగదారుకు ధర నాలుగు శాతం తగ్గిందని ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో లెక్కలతో చూపించారు. ఆ ఫలితాన్ని నేను నమ్ముతాను. కానీ జాలరి ఆ ధర వినేటప్పటికి పడవలోనే ఉన్నాడు. నచ్చకపోతే చుక్కాని తిప్పి వేరే రేవుకు పోగలడు. మన ఉల్లి రైతు ధర వినేటప్పటికి ట్రాక్టరు కిరాయి కట్టేశాడు, సంచులు విప్పి కుప్ప పోశాడు. ఖరీఫ్ ఉల్లి తేమ ఎక్కువగా ఉండి నిల్వకు ఆగదు. పైగా కమీషన్ ఏజెంటు దగ్గర విత్తనాలకో మందులకో అప్పు తెచ్చుకుని ఉంటే, సరుకు ఆయన ద్వారానే అమ్మాలి. ఇతని చేతిలో ఫోను ఉంది, చుక్కాని లేదు.

మిగిలిన తేడా ఖర్చు వల్లనా, పోటీ లేకనా అన్నది బయటి నుంచి కూడా కొంతవరకు పసిగట్టవచ్చు. కేంద్రం నడిపే అగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్లవారీగా రోజువారీ ధరలు ఉంటాయి. అందులో కనిష్ఠం, గరిష్ఠం వదిలేసి, ఎక్కువ సరుకు అమ్ముడైన ధరను తీసుకోవాలి. కర్నూలులో చిన్న గడ్డా పెద్ద గడ్డా కలిసిన కుప్ప ధరను, హైదరాబాదులో ఏరిన పెద్ద గడ్డ ధరతో పోలిస్తే లేని తేడా కనిపిస్తుంది. ఈ పొరపాటు పత్రికల్లోనూ చూస్తుంటాం. సరైన ధరలతో కొన్ని వారాలు తేడా రాసుకోండి. అది కిరాయి పెరిగినప్పుడు పెరిగి, తగ్గినప్పుడు తగ్గుతుంటే ఖర్చే కారణం. ఒకటి రెండు రోజులు ఎగిరి దిగిపోతే మార్కెట్ తన పని తాను చేస్తున్నట్టే. వారాల తరబడి ఖర్చుకు రెండింతలు ఉంటే మాత్రం లారీలైనా దొరకడం లేదు, కొనేవారినైనా ఎవరో రానివ్వడం లేదు.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఆర్బిట్రేజ్ రెండు ధరలను దగ్గరకు చేర్చగలదే తప్ప రెండింటినీ ఒకేసారి పైకి లేపలేదు. మహారాష్ట్ర సరుకు హైదరాబాదును ముంచెత్తిన రోజున అక్కడి ధర పడుతుంది, దాన్ని చూసి కర్నూలు పాటా పడుతుంది. అప్పుడు రెండు చోట్లా సమానంగా నష్టమే. 2025లో ధర పడిపోయినప్పుడు క్వింటాలు 1,200 చొప్పున మార్క్‌ఫెడ్ ద్వారా ప్రభుత్వమే కొనాల్సి వచ్చింది. ఆ స్థితికి మందు వేరే ఉంది.

తేడా ఖర్చును మించి నిలిచిపోయే రోజుల సంగతి మాత్రం యార్డు చేతిలోనే ఉంది. ధరల బోర్డు మీద ఇప్పుడు రాసే అంకెల పక్కన ఇంకొక అంకె రాయమని అడుగుతాను: ఆ రోజు ఒక్కో కుప్పకు ఎంతమంది పాట పాడారు? ప్రభుత్వ ఆన్‌లైన్ మార్కెట్ వేదిక ఈ-నామ్‌లో జరిగే వేలానికి ఆ లెక్క కంప్యూటర్‌లోనే ఉంటుంది. కుప్పకు ఇద్దరే పాడారని బోర్డు మీద వారం రోజులు కనిపిస్తే, ఆదోని నుంచో తాడేపల్లిగూడెం నుంచో మూడో వ్యాపారి తనంతట తానే వస్తాడు.