50 గోల్డ్ ఊదేయమనే ఫార్వర్డ్

"ఆటో బాట్లర్ గెలుపు సీక్రెట్! 1. గోల్డ్ దాచకు, వచ్చిందంతా రీరోల్ చెయ్. 2. ఒకే ట్రెయిట్ యూనిట్లు ఎన్ని దొరికితే అన్ని దింపు. 3. ఒకే యూనిట్ రెండుంటే ట్రెయిట్‌లో రెండుగా లెక్క. పది మందికి పంపు!"

ఆ పది మందీ నాకే పంపుతున్నారు. సరే, యూనిట్లను కొని బోర్డు మీద దింపితే అవే పోట్లాడుకునే ఈ ఆటో బాట్లర్ ఆటల్లో ఒకటైన టీమ్‌ఫైట్ టాక్టిక్స్ లెక్కల్లోనే మాట్లాడుకుందాం. రీరోల్ అంటే 2 గోల్డ్ పెట్టి షాపులోని యూనిట్లను మార్చడం. ట్రెయిట్ అంటే కొన్ని యూనిట్లకు ఉమ్మడిగా ఉండే గుణం, సరిపడా మందిని దింపితే బోనస్ ఇస్తుంది.

మూడోది శుద్ధ తప్పు. ఒకే యూనిట్‌ని రెండుసార్లు దింపినా ట్రెయిట్‌లో ఒకటే లెక్క. స్క్రీన్ పక్కన అంకె కనిపిస్తూనే ఉంటుంది, చూస్తే చాలు.

రెండోది సగం నిజం. ట్రెయిట్ 2 దగ్గర, 4 దగ్గర పనిచేసేదైతే మూడో యూనిట్ వల్ల ఆ బోనస్ ఒక్క పిసరు కూడా పెరగదు. నాలుగోది చేతిలో లేనప్పుడు, ఆ చోటు వేరే ట్రెయిట్‌ని పూర్తిచేసే యూనిట్‌కి ఇవ్వాలి. ముందు నిలబడి దెబ్బలు కాసే ఒక ట్రెయిట్ వాళ్లు ఇద్దరు, వెనక కొట్టే ఇంకో ట్రెయిట్ వాళ్లు ఇద్దరు ఉంటే రెండు బోనస్‌లూ వస్తాయి.

ఇక మొదటిది. జనాన్ని ముంచేది ఇదే. గెలుపు గోల్డ్, స్ట్రీక్ గోల్డ్ పక్కన పెట్టి రౌండుకు మామూలుగా వచ్చే 5, దాచిన ప్రతి 10 గోల్డ్‌కు 1 చొప్పున గరిష్ఠంగా 5 వరకు వచ్చే వడ్డీ మాత్రమే చూడండి. 50 దగ్గర ఉన్నవాడు మొత్తం రీరోల్ చేసి సున్నాకు దిగాడు. తర్వాతి రౌండ్లలో అతని గోల్డ్ 5, 10, 16, 22, 29, 36, 44, 53. మళ్లీ 50 దాటడానికి ఎనిమిది రౌండ్లు, అదీ మధ్యలో పైసా ఖర్చు పెట్టకపోతే! ఆ ఎనిమిది రౌండ్లలో అతనికి వచ్చిన వడ్డీ 13. కదలకుండా 50 మీద కూర్చున్నవాడికి 40. తేడా 27 గోల్డ్, అంటే పదమూడు రీరోల్‌లు. సీక్రెట్ భలే ఉంది కదా, ఎదుటివాడు గెలవడానికి!

అలాగని రీరోల్ చెయ్యొద్దని కాదు. చౌక యూనిట్ కాపీలు పోగేసి దాన్ని మూడు స్టార్లకు తేవాలంటే లెవెల్ పెంచకుండా ఆగి, 50 పైన ఉన్నదాన్నే ప్రతి రౌండూ తిప్పాలి. 54 ఉంటే రెండు రీరోల్‌లు, అక్కడితో ఆపు. 50 కిందికి మొదటి రీరోల్‌తోనే ఒక వడ్డీ గోల్డ్ పోతుంది. ఒకసారి దిగాక 40 వరకు ఎన్ని తిప్పినా ఆ రౌండుకు పోయేది ఆ ఒక్కటే. కాబట్టి దిగితే సగంలో ఆగడం దండగ. 4 గోల్డ్ యూనిట్ కోసం లెవెల్ 5లో తిప్పేవాళ్లకు మాత్రం నేను చెప్పగలిగింది ఏమీ లేదు. ఆ లెవెల్ షాపులో అది రావడమే గగనం.

అయితే ఒక్క సందర్భంలో ఈ ఫార్వర్డ్ రాసినవాడే కరెక్టు. హెల్త్ 20 కిందికి వచ్చి, ఇంకో రెండు ఓటములతో ఆట అయిపోయేలా ఉంటే వడ్డీ ఎవరికి కావాలి? అప్పుడు మొత్తం తిప్పేయాల్సిందే. తిప్పే ముందు మిగతావాళ్ల బోర్డులు ఒకసారి చూడండి. మీకు కావాల్సిన యూనిట్‌నే ఇంకో ఇద్దరు పట్టుకుని ఉంటే అందరికీ కలిపి ఉన్న కాపీలు తగ్గిపోయి ఉంటాయి, దాని కోసం తిప్పడం మానేసి వేరేది వెతకండి.