మూడో నెలకే రాత్రంతా పడుకోవాలట, ఎవరి రాత్రి అమ్మా అది?

"తల్లులందరూ తప్పక చదవండి!! 3 నెలలు నిండిన పాప రాత్రి 8 నుంచి ఉదయం 6 దాకా లేవకుండా పడుకోవాలి. ఫారిన్‌లో 70 శాతం పిల్లలు ఇలాగే పడుకుంటారు. మధ్యలో లేస్తే తల్లిపాలు చాలట్లేదని అర్థం, పడుకోబెట్టే ముందు సీసాతో పల్చటి చోడి జావ పట్టండి. అయినా లేస్తే జలుబు సిరప్ 2 చుక్కలు చాలు. నిద్ర తెగితే మెదడు ఎదగదు. ఉయ్యాల తల తూర్పుకి ఉండాలి. 10 మందికి పంపండి."

నాకైతే ఇది చుట్టాల గ్రూపులో, పాత క్లాస్‌మేట్ల గ్రూపులో, ఆఖరికి మా వార్డు నర్సుల గ్రూపులో కూడా వచ్చింది. రాజాంలో కన్నోరింటి దగ్గరున్న మా మరదలు అయితే దీన్ని పంపి కింద "వదినా, నా పాలు సరిపోవట్లేదా?" అని అడిగింది, అక్కడ నాకు మండింది.

ముందు ఆ 70 సంగతి. అది గాల్లోంచి రాలేదు, నిజం అంకే. 1957లో లండన్ పిల్లల మీద మూర్, యూకో అనే ఇద్దరు ఒక పరిశోధన రాశారు, అందులో మూడు నెలలకి నూటికి 70 మంది రాత్రి సర్దుకున్నారనే ఉంది. కాకపోతే వాళ్ళు రాత్రి అన్నది అర్ధరాత్రి 12 నుంచి 5 దాకా. అంటే ఐదు గంటలు! పైగా లేచి అమ్మానాన్నల్ని లేపకపోతే చాలు, పడుకున్నట్టే లెక్క. అలా సర్దుకున్న వాళ్ళలో కూడా సగం మంది దాకా తర్వాత మళ్ళీ లేవడం మొదలెట్టారు, నూటికి 10 మంది ఏడాది లోపు అసలు సర్దుకోనే లేదు. ఐదు గంటల్ని పది గంటలు చేసి మిగతాది కత్తిరించేసిన మహానుభావుడెవరో గానీ దండం పెట్టాలి.

తర్వాత వచ్చిన పరిశోధకులు ఒక్కొక్కరు ఒక్కో గీత గీసుకున్నారు. కొందరు ఏకధాటిగా 6 గంటలన్నారు, కొందరు 8 గంటలన్నారు, కొందరు రాత్రి 10 నుంచి 6 దాకా, అంటే ఇంట్లోవాళ్ళు పడుకునే టైములో, అన్నారు. మా మరదలు పాపనే చూడండి, నాలుగో నెల. ఎనిమిదిన్నరకి పడుకుంటుంది, పదకొండున్నరకి లేచి పాలు తాగి పది పన్నెండు నిమిషాల్లో మళ్ళీ పడుకుంటుంది, ఐదుంపావుకి లేస్తుంది. 1957 లెక్కలో ఈ పిల్ల రాత్రంతా పడుకున్నట్టే. 6 గంటల లెక్కలో ఫెయిల్, ఎందుకంటే పన్నెండు కొట్టకముందు నుంచి ఐదుంపావు దాకా చూస్తే ఓ ఐదున్నర గంటలే అవుతాయి. మిగతా రెండిట్లోనూ ఫెయిలే. పక్కింటి పిన్నిగారి మనవడు ఏడింటికి పడుకుని మూడుంపావుకి లేస్తాడు, వాడికి 6 గంటల లెక్కలోనూ 8 గంటల లెక్కలోనూ పాసు, పాత లండన్ లెక్కలో మాత్రం ఫెయిలు. ఆ పిన్నిగారు "మావోడు రాత్రంతా పడుకుంటాడు" అంటే అబద్ధం కాదు, కానీ వాళ్ళమ్మ పదకొండింటికి నడుం వాల్చి మూడుంపావుకి లేస్తోంది, మా మరదలికే ఆమె కంటే గంట ఎక్కువ నిద్ర పడుతోంది.

ఇంకో తిరకాసు ఏంటంటే ఎవర్ని అడుగుతున్నాం అన్నది. పిల్లల నిద్ర గంటకోసారి పల్చబడుతుంది, అందరూ కదుల్తారు, కళ్ళు తెరుస్తారు. 1979లో థామస్ ఆండర్స్ అనే అమెరికా డాక్టరు రాత్రంతా కెమెరా పెట్టి చూస్తే, పడుకున్నారనుకున్న పిల్లలూ మధ్యలో లేస్తున్నారు, ఏడవకుండా మళ్ళీ నిద్రలోకి జారుకుంటున్నారు, అంతే. వేరే గదిలో పడుకోబెట్టేవాళ్ళకి అది తెలీదు. మనం పక్కలో వేసుకుంటాం కాబట్టి చెయ్యి కదిపినా తెలుస్తుంది, పొద్దున్నే "నాలుగుసార్లు లేచింది" అంటాం.

మెదడు మాట రెండు ముక్కల్లో తేల్చేస్తా. కెనడాలో 2018లో వచ్చిన పరిశోధనలో ఆరు నెలల పిల్లల్లో నూటికి 38 మంది ఏకధాటిగా 6 గంటలు పడుకోలేదు, 57 మంది 8 గంటలు పడుకోలేదు. ఏడాది వయసులో కూడా 43 మంది 8 గంటలు పడుకోలేదు. పడుకున్నవాళ్ళకీ పడుకోనివాళ్ళకీ తెలివిలో, ఎదుగుదలలో తేడా కనపడలేదు. ఉయ్యాల తలవైపు ఎటు పెడతారో మీ ఇష్టం.

ఇప్పుడు అసలు విషం. పాలు చాలట్లేదన్నది. మా మరదలికి వాళ్ళమ్మ కూడా "గుంటకి పాలు సాలట్నేదు గావాల" అనేసింది, ఆ ఒక్క మాటతో ఆ పిల్ల రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పాలు చాలాయో లేదో రాత్రి లేవడాన్ని బట్టి తెలీదమ్మా, రోజుకి ఆరుసార్లు పైగా ఉచ్చ పోస్తోందా, అంగన్‌వాడీ తూకంలో బరువు పెరుగుతోందా, మొదటి మూడు నెలల్లో రోజుకి పాతిక ముప్ఫై గ్రాములు వస్తోందా, దాన్ని బట్టి తెలుస్తుంది. ఈ పాప బరువు గీత చక్కగా ఎక్కుతోంది, ఇక గొడవెక్కడ?

జావ పడితే ఏమవుతుందో చెప్తా. గ్లాసు నీళ్ళలో 10 గ్రాముల చోడిపిండి వేసి కాచారనుకోండి, 100 మిల్లీలీటర్ల తల్లిపాలలో సుమారు 65 కేలరీలుంటే అంతే జావలో దాంట్లో నాలుగో వంతు ఉంటే గొప్ప. పొట్ట నిండుతుంది, బలం రాదు. పొట్ట నిండిన పిల్ల రొమ్ము సరిగ్గా లాగదు, రొమ్ము ఖాళీ అవ్వకపోతే పాలు తయారవ్వడం తగ్గుతుంది, అందులోనూ పాలు పట్టించే హార్మోను రాత్రిపూటే ఎక్కువ ఊరుతుంది కాబట్టి రాత్రి పాలు మానిపిస్తే దెబ్బ గట్టిగానే తగుల్తుంది. పది రోజులకి నిజంగానే పాలు తగ్గుతాయి, అప్పుడు ఆ ఫార్వర్డ్ పంపినావిడ "చెప్పానా" అంటుంది. రోగం అంటించి రోగం చెప్పడం అన్నమాట. సీసా సరిగ్గా ఉడకబెట్టకపోతే వచ్చే విరేచనాలు బోనస్.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, నాకు ఇష్టం లేకపోయినా. పై తిండికీ నిద్రకీ అస్సలు సంబంధం లేదని మా వాళ్ళందరం చెప్తుంటాం గానీ, ఇంగ్లండ్‌లో 1,303 మంది తల్లిపాల పిల్లల మీద చేసి 2018లో వెలువరించిన పరిశోధనలో మూడు నెలల నుంచే పై తిండి మొదలెట్టిన పిల్లలు కాస్త ఎక్కువ పడుకున్నారు. ఎంతనుకున్నారు? రాత్రికి ఓ పదిహేడు నిమిషాలు, అదీ తేడా బాగా ఎక్కువగా ఉన్నప్పుడు. వాళ్ళు కూడా తల్లిపాలు ఆపలేదు. పదిహేడు నిమిషాల కోసం సీసాలు ఉడకబెట్టుకుంటూ అరగంట నిలబడతారా? ఆరు నెలలు నిండనివ్వండి, అప్పుడు చోడి జావ చెంచాతో చిక్కగా పెట్టుకోండి, నేనే పిండి ఆడించి పంపిస్తా.

సిరప్ గురించి రాయాలంటే చెయ్యి వణుకుతోంది. ఆ జలుబు మందులో మత్తు తెచ్చేది క్లోర్‌ఫెనిరమిన్, దానికి ఫినైలెఫ్రిన్ కలిపిన సిరప్‌లు నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీద రాయమని 2023లోనే కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు చెప్పారు. అదే జాతి మందు ప్రోమెథజిన్ రెండేళ్ళ లోపు పిల్లలకి ఇస్తే ఊపిరి ఆగి ప్రాణం పోవచ్చని అమెరికాలో 2004 నుంచి హెచ్చరిక ఉంది. పసిపిల్ల ఊపిరి తడబడితే దానంతటది లేచి ఏడవగలగాలి, ఈ మందు ఆ లేచే శక్తినే నొక్కేస్తుంది. రెండు చుక్కలట! చుక్క ఎంత ఉంటుందో, సీసాలో మందు ఎంత గాఢమో పంపినాయనకి తెలుసా?

ఇప్పటికే ఎవరైనా పట్టేసి ఉంటే, పిల్ల లేపినా లేవకపోయినా, పాలు లాగకపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, ఆ సిరప్ సీసా కూడా చేత్తో పట్టుకెళ్ళండి, ఏం మందు పడిందో డాక్టరు చూసుకుంటారు.