కాళ్ల పులుసుకు పదోన్నతి

మేక కాళ్ల పులుసుకు ఎట్టకేలకు న్యాయం జరిగింది. తెల్లవారుజామున హైదరాబాద్ హోటళ్లలో నాన్‌తోనో షీర్మాల్‌తోనో పాయాగా బతికి, జ్వరమొస్తే ఇళ్లలో బొక్కల సూపుగా సేవలందించి, చివరికి గాజు సీసాలో 'బోన్ బ్రాత్' అనే హోదా అందుకుంది. హోదాతో పాటు బాధ్యతలూ పెరిగాయి. ఒకప్పుడు గొంతు సవరించి పంపేది. ఇప్పుడు మోకాళ్లు అతికించాలి, ముడతలు విప్పాలి, పేగులు మరమ్మతు చేయాలి.

అభినందిస్తూనే, ఈ కొత్త అధికారి అర్హతలను ఒకసారి పరిశీలిద్దాం.

ఎముకల చుట్టూ ఉండే స్నాయువులు, మృదులాస్థి, చర్మం, ఎముక లోపలి అల్లిక, అన్నిటా కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ ఉంటుంది. నీళ్లలో సన్న సెగ మీద గంటల తరబడి ఉంచితే అది విడిపోయి జెలటిన్ అవుతుంది. పులుసు పెదాలకు అంటుకోవడం, ఫ్రిజ్‌లో పెడితే ముంజలా వణకడం దాని పనే. అందుకే కాళ్లు, కీళ్లు, కోడి పాదాలు కావాలి. మూలుగ బొక్కలే ఏరి తెచ్చుకునేవారికి రుచి దక్కుతుంది కానీ జెల్లీ దక్కదు. మూలుగలో ఉండేది చాలావరకు కొవ్వు.

ఇక వంట. కిలో మేక కాళ్లు కాల్చి గీకించుకుని, మునిగేదాకా నీళ్లు పోసి పది నిమిషాలు మరగనిచ్చి ఆ నీళ్లు పారబోయాలి. బూడిద, నెత్తురు, నీచు అందులోనే పోతాయి. 'సారమంతా పోయింది' అని విలపించనక్కర్లేదు. పది నిమిషాల్లో పోయేంత సారమే అయితే పన్నెండు గంటలు ఉడికించమని ఎవరూ చెప్పేవారు కాదు. కాళ్లను కడిగి రెండున్నర లీటర్ల చన్నీళ్లు పోసి, పొంగు రాబోతుండగా సెగ తగ్గించాలి. గిన్నెలో అక్కడో బుడగ, ఇక్కడో బుడగ లేవాలి, అంతే. తెర్లించారా, పైన తేలాల్సిన కొవ్వు నీటిలో చితికి కలిసిపోయి పులుసు పాలిపోయి జిడ్డుగా మారుతుంది.

ఎంతసేపు? ఇక్కడే భక్తుల మధ్య వేలంపాట. ఒకరు 24 గంటలంటే ఇంకొకరు 48 అంటారు, గ్యాస్ కంపెనీ మౌనంగా వింటుంది. కోడి ఎముకలకు నాలుగైదు గంటలు, మేక కాళ్లకు ఆరు గంటలు చాలు. పెద్ద పశువుల లావు ఎముకలకైతే పన్నెండు దాకా వెళ్లొచ్చు. ప్రెషర్ కుక్కర్‌లో కాళ్లకు గంట సరిపోతుంది. మరీ పొడిగిస్తే జెలటిన్ కూడా చిన్న ముక్కలుగా తెగి గడ్డకట్టే గుణం పోగొట్టుకుంటుంది, రుచి చప్పబడుతుంది. సందేహముంటే ఒక గరిటెడు గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. గడ్డకడితే అయినట్టే. లేదంటే నీళ్లు ఎక్కువయ్యాయి, లేదా కీళ్లు తక్కువయ్యాయి. మిగిలింది రాత్రంతా పొయ్యి మీదే వదిలేయకుండా వెడల్పు గిన్నెల్లోకి వంచి త్వరగా చల్లార్చి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. గోరువెచ్చటి మాంసపు రసం మనకంటే ముందు బాక్టీరియాకు బలవర్ధకం.

ఇక మహిమలు. తాగిన కొల్లాజెన్ తిన్నగా మోకాలికి పోతుందన్న నమ్మకంలో ఒక గొప్ప తర్కముంది. అదే లెక్కన తలకాయ కూర తిన్నవారంతా ఈపాటికి ఐఏఎస్‌లు కావాలి. కడుపు దాన్ని అమైనో ఆమ్లాలుగానూ, వాటి చిన్న గొలుసులుగానూ విడగొడుతుంది. వాటిని ఎక్కడ వాడాలో శరీరం చూసుకుంటుంది, సీసా మీది రాతలు చదవదు. పైగా జెలటిన్‌లో ట్రిప్టోఫాన్ అనే ఆవశ్యక అమైనో ఆమ్లం అసలే లేదు కనుక అది సంపూర్ణ ప్రోటీన్ కాదు. ఈ గొడవ కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దపు పారిస్‌లో ఎముకల జెలటిన్‌తో ఆస్పత్రుల్లో పేదల కడుపు చౌకగా నింపొచ్చని ప్రచారం సాగితే, శరీరధర్మ శాస్త్రవేత్త మజాండీ నాయకత్వంలోని సంఘం ఏళ్ల తరబడి కుక్కలకు పెట్టి చూసి, జెలటిన్ ఒక్కటే ప్రాణం నిలపదని 1841లో తేల్చింది. కుక్కలు మాత్రం ఆ సంగతి ముందే, తినడం మానేసి, తెలియజేశాయి.

కాల్షియం సంగతి మరీ బాధాకరం. ఎముక ఖనిజం నీళ్లలో సులువుగా కరగదు, చెంచాడు వెనిగర్ పోసి బతిమాలినా పెద్దగా కదలదు. గంటల తరబడి బాగా ఉడికిన ఎముక వేళ్ల మధ్య పొడిపొడి అవుతుంది చూడండి, పోయింది కొల్లాజెన్, ఆ పొడిలో మిగిలిందే కాల్షియం. దాన్ని వడగట్టి చెత్తబుట్టలో వేసి, పులుసు తాగి, ఎముకలు బలపడ్డాయని చెప్పుకుంటాం.

రుచి, వేడి, ఉప్పు, నీరు, కాస్త ప్రోటీన్. జ్వరంలో నోటికి హితవైన ఆహారం. ఇన్ని నిజాలు చాలవని సీసావారి అభిప్రాయం. అదే కాళ్ల పులుసులో ముంచుకు తినే సంకటి ముద్ద మాత్రం పాతకాలపు గుమాస్తాలా నోరెత్తదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. దానికింకా ఎవరూ ఇంగ్లీషు పేరుతో సీసా కట్టలేదు.