బార్ సన్నగా ఉంటే తప్పు బార్‌దే

ముందు నా స్టాండ్ ఏంటో క్లియర్‌గా చెప్పేస్తా. యాప్ ఇన్‌స్టాల్ చేసుకుని, ఫోన్ నంబర్ కూడా కొట్టి, తీరా ఓటీపీ దగ్గరికొచ్చేసరికి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయే యూజర్లని ఈ దేశంలో అడిగే నాథుడే లేడు. ఆ బాధంతా మేనేజర్లే మోస్తున్నారు. పాపం వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ కనపడక ఈ పనికి నేనే పూనుకున్నా.

మొన్న మా దగ్గర జరిగిన మీటింగే తీసుకోండి. సరుకులు ఇంటికి తెచ్చిచ్చే యాప్ అది. సైన్ అప్‌లో జనం ఎక్కడ జారిపోతున్నారో చూపించడానికి అనలిస్టు అమ్మాయి ఫన్నెల్ చార్ట్, అంటే గరాటు బొమ్మ, వేసింది. కంపెనీ గుట్టు కాబట్టి అంకెలు గుండ్రంగా మార్చేసి చెప్తున్నా, కథ మాత్రం అదే. 10,000 మంది ఇన్‌స్టాల్ చేశారు, 8,200 మంది తెరిచారు, 6,000 మంది నంబర్ ఇచ్చారు, ఓటీపీ దాటినవాళ్లు 3,300, పేరూ అడ్రస్ నింపి సైన్ అప్ పూర్తిచేసినవాళ్లు 3,000, మొదటి ఆర్డర్ పెట్టినవాళ్లు 900. పైన బార్ వెడల్పు, కిందికి పోనుపోను సన్నం.

మా మేనేజర్ సార్ చాలాసేపు చూశారు. చూసి, "గరాటు అంటున్నావ్ కదమ్మా, మా ఇంట్లో గరాటులో లీటర్ నూనె పోస్తే లీటరూ కిందికే వస్తుంది, మీదాంట్లో ఏడువేల మంది ఎటు పోయారు?" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకి ఆ రూమ్‌లో ఎవరి దగ్గరా జవాబు లేదు. చార్ట్‌కి ఆ పేరు పెట్టినవాళ్లు వంటింట్లోకి ఎప్పుడూ అడుగుపెట్టలేదేమో.

ఇంకో మాట కూడా చెప్పాలి. సార్‌కి ఈ చార్ట్ కంటే ముందు వారం చార్ట్ బాగా నచ్చింది. దాంట్లో నంబర్ ఇచ్చినవాళ్లు 6,000 అయితే ఓటీపీ అడిగినవాళ్లు 7,400, అంటే మధ్యలో పొట్ట వచ్చింది. "ఇదిగో, ఇక్కడ గ్రోత్ ఉంది" అని సార్ దాన్ని పైవాళ్లకి పంపేశారు కూడా. అనలిస్టు అమ్మాయి మాత్రం "అది మనుషుల లెక్క కాదు సార్, నొక్కుళ్ల లెక్క, రీసెండ్ నొక్కిన ప్రతిసారీ ఇంకో మనిషి అన్నట్టు లెక్కపడింది, ఒక్కో యూజర్‌ని ఒక్కసారే లెక్కేస్తే 6,000 దాటదు" అని ఆ పొట్ట కోసేసింది. జరుగుతున్న గ్రోత్‌ని ఇలా చేజేతులా ఆపేసేవాళ్లని ఏమనాలి?

సరే, అసలు గొడవ ఓటీపీ దగ్గర. నంబర్ ఇచ్చిన 6,000 మందిలో 2,700 మంది అక్కడే ఆగిపోయారు. ఇంతకంటే పెద్ద జారుడు సైన్ అప్‌లో ఇంకెక్కడా లేదు. సార్ వెంటనే "జనానికి ఇంట్రెస్ట్ లేదు, యాడ్స్ బడ్జెట్ పెంచండి, పైన ఇంకో పదివేలు పోస్తే కింద ఇంకో మూడువేలు పడతాయి" అని తేల్చేశారు. లెక్క కరెక్టే, కాదనను. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "చార్ట్ ఎక్కడ పోయారో చెప్తుంది గానీ ఎందుకు పోయారో చెప్పదు సార్, ఇంట్రెస్ట్ లేనోడు నంబర్ ఎందుకిస్తాడు" అని ఆ 2,700 మందినీ రెండు కుప్పలు చేసింది. ఓటీపీ బాక్స్‌లో ఏమీ కొట్టనివాళ్లు 1,500, ఏదో కొట్టి "తప్పు ఓటీపీ" అనిపించుకున్నవాళ్లు 1,200. ఆ 1,200 మందిలో 900 మంది అంతకుముందు రీసెండ్ నొక్కినవాళ్లే.

ఇక్కడే యూజర్ల అసలు స్వభావం బయటపడింది. సగం మందికి ఎస్సెమ్మెస్ 8 సెకన్లలోపే వస్తోంది, కానీ పావు వంతు మందికి 30 సెకన్లు దాటుతోంది. మన యాప్‌లో రీసెండ్ బటన్ సరిగ్గా 30 సెకన్లకి వెలుగుతుంది. వెలిగిన బటన్‌ని నొక్కకుండా కూర్చునే ఓపిక ఎవరికుంది, నొక్కుతాడు. నొక్కగానే సర్వర్ కొత్త ఓటీపీ తయారుచేసి పాతదాన్ని చంపేస్తుంది. ఆ తర్వాత పది సెకన్లకి మొదటి ఎస్సెమ్మెస్ తీరిగ్గా దిగుతుంది, మనోడు సంబరంగా అదే కొడతాడు, తప్పు అంటుంది, మళ్లీ రీసెండ్, ఈలోపు రెండోది వస్తుంది, అది కొడితే అదీ చచ్చిపోయిన ఓటీపీయే, ఇలా మూడు అయ్యాక "24 గంటల తర్వాత ప్రయత్నించండి" అని యాప్ తలుపేసేస్తుంది. రాత్రికి కూరగాయలు కావాల్సినవాడు రేపు ఇదే టైమ్‌కి రావాలన్నమాట. రాడు. చూశారా, మాట మీద నిలబడే అలవాటే లేదు జనానికి.

రీసెండ్ నొక్కినా గడువు తీరేదాకా అదే ఓటీపీని మళ్లీ పంపితే చాలు, ఏ ఎస్సెమ్మెస్ ముందొచ్చినా పనిచేస్తుంది అని ఆ అమ్మాయి చెప్పింది. చిన్న మార్పేనట. చిన్న మార్పుకి అంత పెద్ద మీటింగ్ పెట్టించినందుకు సార్ నొచ్చుకున్నారు.

ఏమీ కొట్టని 1,500 మంది సంగతి వేరు. డాష్‌బోర్డ్‌లో "పంపబడింది" అని పచ్చగా ఉంది కాబట్టి మనవైపు తప్పు లేదన్నారు సార్. ఆ పచ్చరంగుకి అర్థం మన తరఫున మెసేజ్‌లు పంపే ఎస్సెమ్మెస్ గేట్‌వే మన మెసేజ్ తీసుకుంది అని, అంతే. ఫోన్‌కి చేరిందా లేదా అనేది డెలివరీ రిపోర్ట్ చూస్తే గానీ తెలీదు. మధ్యలో టెలికాం కంపెనీ ఉంది. మన దేశంలో ఇలాంటి మెసేజ్‌ల టెంప్లేట్‌ని ముందే టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి, మారే చోట గుర్తు పెట్టాలి, పంపే మెసేజ్ దాంతో కలవకపోతే ఆపేస్తారు. 2021 మార్చిలో ఈ తనిఖీ ఆన్ చేసిన రోజున దేశమంతా బ్యాంకు ఓటీపీలు కూడా ఆగిపోతే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారంపాటు దాన్ని పక్కన పెట్టాల్సొచ్చింది. మా దగ్గర మార్కెటింగ్‌వాళ్లు చివర్లో "హ్యాపీ షాపింగ్" అని ఆప్యాయంగా రెండు ముక్కలు చేర్చారు, రిజిస్టర్ చేయలేదు. ఆపరేటర్‌వారీగా విడగొట్టి చూస్తే ఒక నెట్‌వర్క్‌లోనే గుట్టగా పడిపోయారు, మిగతావాటిలో మామూలుగానే ఉంది. ఆప్యాయతకి కూడా పర్మిషన్ కావాలంటే ఎలా చెప్పండి.

దీనికి సార్ ఇచ్చిన సమాధానం తిరుగులేనిది. జేబులోంచి ఫోన్ తీసి, యాప్ తెరిచి, తన నంబర్ కొట్టి, 123456 అని టైప్ చేసి లోపలికెళ్లిపోయారు. "నాకు రెండు సెకన్లు పట్టింది" అన్నారు. ఆయన నంబర్ టెస్టింగ్ లిస్టులో ఉందని, దానికి అసలు ఎస్సెమ్మెస్సే పోదని, ఆఫీసులో అందరి నంబర్లూ అదే లిస్టులో ఉన్నాయి కాబట్టి ఇన్నాళ్లూ మనలో ఎవరికీ ఈ బాధ తెలీలేదని ఆ అమ్మాయి చెప్పబోయింది. అప్పటికే టైమ్ అయిపోయింది.

మొత్తానికి నిర్ణయం జరిగింది. ఓటీపీ సరిచేయడాన్ని బ్యాక్‌లాగ్‌లో, అంటే ఎప్పుడో చేద్దామనే పనుల లిస్టులో, పెట్టారు. చార్ట్‌ని మాత్రం ఆ రోజే సరిచేశారు. ఇకనుంచి ఫన్నెల్ ఓటీపీ దాటినవాళ్లతో మొదలవుతుంది, ఎందుకంటే అది కూడా దాటనివాణ్ని యూజర్ అనడమేంటని సార్ వాదన. 3,300 మందిలో 3,000 మంది పూర్తిచేశారు, అంటే నిన్నటిదాకా 30 శాతం ఉన్న సైన్ అప్ కన్వర్షన్ సాయంత్రానికల్లా 91 శాతం. ఒక్క లైన్ కోడ్ రాయలేదు, యాడ్స్‌కి ఒక్క రూపాయి పెట్టలేదు. స్లైడ్ చూసి పైవాళ్లు చప్పట్లు కొట్టారట.

చివర్న మొదటి ఆర్డర్ బార్ ఒకటి ఇంకా 900 దగ్గరే సన్నగా మిగిలింది. దాన్ని వచ్చే క్వార్టర్‌లో తీసేద్దామని మినిట్స్‌లో రాసుకున్నారు.