ఈఎంఐ మారలేదని సంబరపడకండి, గడువు ఎంతైందో చూడండి

హోమ్ లోన్ విషయంలో వడ్డీ మారుతూ ఉండే ఫ్లోటింగా, మారని ఫిక్స్‌డా అని జనం తెగ వాదించుకుంటారు గానీ, నన్నడిగితే అసలు నష్టం అక్కడ జరగదు. రేటు మారిన రోజున బ్యాంకు మన లోన్‌ను ఎలా సర్దిందో చూసుకోకపోవడం వల్ల జరుగుతుంది.

2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లను బయటి బెంచ్‌మార్కుకు ముడిపెట్టాలని ఆర్బీఐ నిబంధన పెట్టింది. చాలా బ్యాంకులు రెపో రేటునే, అంటే ఆర్బీఐ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటునే తీసుకున్నాయి. రెపో మీద బ్యాంకు కలిపే అదనపు శాతాన్ని స్ప్రెడ్ అంటారు, రెండూ కలిస్తే మన వడ్డీ. కనీసం మూడు నెలలకోసారి దాన్ని సవరించాలి కాబట్టి రెపో పెరిగినా తగ్గినా ఆ ప్రభావం మన దాకా త్వరగానే వస్తుంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. మియాపూర్‌లో ఫ్లాట్ కొని, రెపో 4 శాతం ఉన్న రోజుల్లో ఒకాయన 30 లక్షలు 20 ఏళ్లకు 6.75 శాతం మీద తీసుకున్నాడనుకుందాం. ఈఎంఐ దాదాపు 22,811. ఏడాది కట్టాక అసలు 29.26 లక్షల దగ్గరికి వస్తుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు ఆర్బీఐ రెపోను 4 నుంచి 6.5కి తీసుకెళ్లింది. నిజానికి విడతలవారీగా పెంచింది, మనం లెక్క సులువు కోసం ఆ పెంపంతా ఏడాది చివర ఒకేసారి పడిందనుకుందాం. అంటే ఆయన వడ్డీ 9.25 అయింది. ఆ నెల వడ్డీ ఒక్కటే 22,558! పాత ఈఎంఐ అలాగే ఉంచితే అసలులోకి పోయేది 250 రూపాయలు. ఇంకా 19 ఏళ్లు ఉండాల్సిన లోన్ దాదాపు 49 ఏళ్లకు సాగుతుంది.

ఏ బ్యాంకూ అంత దూరం సాగనివ్వదు లెండి, రిటైర్‌మెంట్ వయసు అడ్డొస్తుంది, అప్పుడు ఈఎంఐ పెంచక తప్పదు. కానీ పెంపు చిన్నదైతే చాలాచోట్ల జరిగేది గడువు సాగదీయడమే. ఖాతాలోంచి పోయే మొత్తం మారదు కాబట్టి మనకు టెన్షన్ ఉండదు, అడిగేవాళ్లూ ఉండరు. అదే 19 ఏళ్లలోనే తీర్చాలంటే ఆయన ఈఎంఐ 27,300 అవుతుంది, అంటే నెలకు దాదాపు నాలుగున్నర వేలు ఎక్కువ. కష్టమే. అయినా ఇందులో లోన్ తీరే తేదీ మారదు.

ఈ గొడవ చూశాకే ఆర్బీఐ 2023 ఆగస్టులో బ్యాంకులకు గట్టిగా చెప్పింది: రేటు మారితే ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంత కొంతా అనేది అప్పు తీసుకున్నవాళ్లే ఎంచుకోనివ్వాలి, కట్టే ఈఎంఐ కనీసం ఆ నెల వడ్డీకైనా సరిపోవాలి. ఫిక్స్‌డ్‌కు మారే అవకాశం కూడా ఇవ్వమంది గానీ 2025లో దాన్ని బ్యాంకుల ఇష్టానికే వదిలేసింది.

మరి ముందే ఫిక్స్‌డ్ తీసుకుని ఉంటే? రెండు శాతం ఎక్కువకు, అంటే 8.75కు దొరికిందనుకుంటే ఈఎంఐ మొదటి నెల నుంచే 26,500. రేట్లు పెరిగినప్పుడు హాయిగానే ఉంటుంది, కానీ 2025లో రెపో నాలుగు విడతల్లో 5.25కి దిగి మన ఫ్లోటింగ్ ఆయన వడ్డీ 8 శాతం అయ్యాక వీళ్లు ఇంకా 8.75 దగ్గరే ఉంటారు. పైగా ఫిక్స్‌డ్ అని అమ్మే వాటిలో చాలావి రెండు మూడేళ్లకే ఫ్లోటింగ్‌గా మారేవి, ఆ క్లాజు అగ్రిమెంట్‌లో ఎక్కడో ఉంటుంది. ఫ్లోటింగ్ హోమ్ లోన్‌ను ముందే తీర్చేస్తే వ్యక్తులకు పెనాల్టీ లేదు, ఫిక్స్‌డ్‌కు ఉండొచ్చు. ఇరవై ఏళ్ల అప్పుకు నేనైతే ఫ్లోటింగే అంటాను, నెలకు నాలుగైదు వేలు పెరిగితే తట్టుకోగలిగినవాళ్లకు మాత్రమే. ఆ వెసులుబాటు లేనివాళ్లు లోన్ సైజే తగ్గించుకోవాలి.

రేటు తగ్గినప్పుడు మాత్రం ఈఎంఐ తగ్గించమని అడక్కండి. మన ఉదాహరణలో 27,300 చొప్పున మూడేళ్లు కట్టాక వడ్డీ 8కి దిగితే రెండు దారులు. ఈఎంఐని రెండు వేలు తగ్గించుకోవచ్చు. లేదా అదే 27,300 కొనసాగించి రెండేళ్లకు పైగా ముందే బయటపడొచ్చు, దాంతో మొత్తం మీద మూడు లక్షల పైన మిగులుతుంది.

ఇంకోటి, రెపో తగ్గినా మీ వడ్డీ పొరుగింటివాళ్ల కంటే ఎక్కువగా ఉంటే తేడా స్ప్రెడ్‌లో ఉండొచ్చు. కొత్తవాళ్లను ఆకర్షించడానికి బ్యాంకులు స్ప్రెడ్ తగ్గిస్తాయి, పాతవాళ్లది అడిగితే గానీ మారదు. బ్యాంకులు సొంతంగా లెక్కగట్టే ఎంసీఎల్ఆర్, బేస్ రేట్ కాలంనాటి లోన్లు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల లోన్లు అయితే రెపోకు ముడిపడి ఉండకపోవచ్చు కూడా. స్టేట్‌మెంట్‌లో బెంచ్‌మార్కు, స్ప్రెడ్, మిగిలిన నెలలు ఈ మూడూ చూసి, తక్కువ వడ్డీకి మార్చడానికి తీసుకునే కన్వర్షన్ ఫీజు ఎంతో బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి. ఏళ్ల గడువు ఇంకా మిగిలి ఉంటే అర శాతం తేడాకే ఆ ఫీజు చాలాసార్లు కొన్ని నెలల్లో తిరిగొచ్చేస్తుంది.