పైడిరాజు గారు మొత్తం ఎంతమంది?

ముందుగా అమెరికా ఇమిగ్రేషన్ ఆఫీసర్లకి మా విజయనగరం జిల్లా తరఫున క్షమాపణ. ఎందుకంటే మా బావ పైడిరాజు ఒక్కడే అని మేం ఇన్నాళ్లూ పొరపాటు పడ్డాం, కాగితాలు ఇంగ్లీషులోకి మారాక గానీ తెలీలేదు ఆయన ఓ చిన్నసైజు గుంపు అని.

సంగతేటంటే మా మేనకోడలు అక్కడ సిటిజన్ అయింది, నాన్నకి గ్రీన్ కార్డు కోసం I-130 అనే దరఖాస్తు వేసింది. దానికి పిల్ల బర్త్ సర్టిఫికెట్ కావాలి, అందులో తల్లీ తండ్రీ పేర్లు ఉండాలి, పైగా తండ్రి కోసం కాబట్టి అమ్మానాన్నల మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా పెట్టాలి. పిల్ల 1988లో పుట్టింది, బర్త్ సర్టిఫికెట్ మొత్తం తెలుగే, చేతిరాత. గంటస్తంభం దగ్గర ఒకాయన ట్రాన్స్‌లేషన్ చేస్తాడంటే ఇచ్చాం. ఆయన మహా నిష్ఠాపరుడు, అక్షరం పొల్లుపోనివ్వడు. తండ్రి పేరు దగ్గర Gantyaada Paidiraaju అని దీర్ఘాలతో సహా దించాడు. బావ పాస్‌పోర్టులో ఏమో GANTYADA, PYDIRAJU. మ్యారేజ్ సర్టిఫికెట్ తర్వాతెప్పుడో ఇంగ్లీషులోనే తీసుకున్నది, అందులో Paidi Raju, మధ్యలో ఖాళీ. (పైడి అంటే బంగారం కదా, Gold King అని రాయనందుకు సంతోషించాం.)

అంతకన్నా ఘనకార్యం ఊరిపేరు. సర్టిఫికెట్లో విజయనగరం అని ఉంది, ఈయన ఉన్నదున్నట్టు Vijayanagaram అని కొట్టాడు. తప్పేటి అంటే చెప్పడం కష్టమే, అక్షరాలు అవే మరి! కానీ ఇంగ్లీషులో మన ఊరు Vizianagaram, పాస్‌పోర్టులో అదే, మ్యాపులో అదే. Vijayanagaram అన్నది చూసి ఆఫీసరు గూగుల్ చేస్తే కర్ణాటకలో హంపి చూపిస్తది. అంటే మా పిల్ల కృష్ణదేవరాయల కాలంలో అక్కడెక్కడో పుట్టినట్టు.

అక్కడితో ఆగాడా, బావ బర్త్ సర్టిఫికెట్ కూడా ఇచ్చాం, వీసా దశలో అదీ అడుగుతారు కదా. బావ 1958 మనిషి, అందులో విశాఖపట్నం జిల్లా అని ఉంది. "ఇది పాత జిల్లా, కొత్తది వేసేస్తాను" అని జిల్లా కూడా Vizianagaram చేసేశాడు. మన జిల్లా పుట్టిందే 1979 జూన్ 1న, మా బావ జిల్లా కన్నా ఇరవై ఏళ్లు పెద్ద. ట్రాన్స్‌లేటర్ పని చరిత్రని అప్‌డేట్ చెయ్యడం కాదండీ, కాగితంలో ఏది ఉంటే అది చెప్పడం.

పిల్లకి RFE వచ్చింది, అంటే ఇంకా ఆధారాలు పంపమని నోటీసు, తండ్రి అని రాసిన మనిషీ ఈ మనిషీ ఒకరేనా అని. జవాబుకి గరిష్ఠంగా 84 రోజులు.

అప్పుడు వేరే ఆమెని పట్టుకున్నాం, ఈమె ముందు పాస్‌పోర్టు కాపీ అడిగింది, అక్కడే నాకు నమ్మకం కుదిరింది. ఆమె లెక్క ఏటంటే, పేరు తెలుగు లిపిలో ఉంటే దానికి ఇంగ్లీషు స్పెల్లింగ్ అంటూ ఏదీ లేదు, ఏదో ఒకటి మనమే ఎంచుకోవాలి, అలాంటప్పుడు పాస్‌పోర్టులో ఉన్నదే ఎంచుకోవడం అబద్ధం కాదు. అదే అసలు కాగితంలోనే ఇంగ్లీషులో ఉందనుకోండి, తప్పయినా ముట్టుకోకూడదు. తెలుగులోనే పైడిరాజు బదులు పైడయ్య అని ఉన్నా అంతే, అది స్పెల్లింగ్ కాదు, వేరే పేరు. బర్త్ సర్టిఫికెట్లు రెండూ మళ్లీ చేసింది, సీలు మీద అక్షరాలతో సహా, కింద తనకి రెండు భాషలూ వచ్చనీ, అనువాదం పూర్తిగా సరిగ్గా ఉందనీ సంతకం పెట్టింది. నోటరీ కావాలేమో అని మేం హడావిడి పడితే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ USCIS అనువాదానికి నోటరీ అడగదని చెప్పింది. మొదటాయన నోటరీ పేరు చెప్పి విడిగా డబ్బులు పట్టాడు, అది వేరే కథ.

మిగిలింది మ్యారేజ్ సర్టిఫికెట్లో ఆ ఖాళీ. అది ఇంగ్లీషు కాగితం, ట్రాన్స్‌లేటర్‌కి సంబంధం లేదు. అసలు I-130లోనే వాడిన ఇతర పేర్లు అని ఒక గడి ఉంటది, అందులో Paidi Raju అని రాయాల్సింది, మా పిల్ల ఖాళీగా వదిలేసింది. ఇప్పుడు దానికో అఫిడవిట్, రెండు పేర్లూ ఒకే మనిషివి అని.

బావ స్టాంప్ పేపర్ కొని తెచ్చాడు, టైపిస్టుకి పాస్‌పోర్టు చూపించాం, సర్టిఫికెట్ చూపించాం, రెండు స్పెల్లింగులూ చీటీ మీద రాసిచ్చాం. కొట్టి ఇచ్చాడు. బావ కళ్లజోడు పెట్టుకుని చదివి నా వైపు తిరిగాడు. "ఏటిరా ఇది, Pydi Raju ఎవుడు?"

స్టాంప్ పేపర్ ఇంకోటి కొన్నాం.