పిల్లిని కదపకండి, మనిషినే ఇంటికి రప్పించండి

వారం రోజులు ఊరెళ్లాలంటే పిల్లి ఉన్న ఇంట్లో పట్టుకునే టెన్షన్ తెలిసిందే. బోర్డింగ్‌లో పెట్టాలా, ఇంటికొచ్చి చూసే సిట్టర్‌ని పెట్టాలా? ఆరోగ్యంగా ఉన్న పిల్లికైతే ఇల్లే సరైన చోటని నేను గట్టిగా చెప్తాను.

పిల్లి నమ్మేది తన వాసన అంటిన చోటుని. దాన్ని బోనులో పెట్టి పక్కన కుక్కలు మొరుగుతుంటే చాలావరకు చేసే మొదటి పని తిండి మానేయడం. మనం రెండు పూటలు పస్తున్నా ఏం కాదు కానీ పిల్లి, అందులోనూ లావుపాటి పిల్లి, రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వు కాలేయంలోకి చేరి ప్రాణం మీదకి రావచ్చు. మొన్న సంక్రాంతికి మా మగపిల్లిని నగరంలో ఒక బోర్డింగ్‌లో వదిలాం. రోజూ ఫొటో, 'బాగానే ఉంది' అని మెసేజ్. తిరిగొచ్చి తూస్తే 4.8 కిలోలది 4.4కి దిగింది, నాలుగు రోజులకు తుమ్ములు, కళ్లవెంట నీళ్లు. చిన్నప్పుడు సోకిన హెర్పిస్ వైరస్ ఒంట్లోనే దాగి ఉండి, ఇలాంటి ఒత్తిడి తర్వాత వారం అటూఇటూగా బయటపడుతుంటుంది.

దసరాకి ఇంట్లోనే ఉంచాం. మా ఎదురు ఫ్లాట్ పిన్నిగారు రోజూ రెండు పూటలా వచ్చారు. పూటకి 30 గ్రాముల చొప్పున తిండి ముందే తూచి డబ్బాల్లో పెట్టాం కాబట్టి ఎంత మిగిలిందో చూస్తే చాలు. లిట్టర్ ట్రేలో ఇసుక తడిసి కట్టే మూత్రం గడ్డలు లెక్కపెట్టమన్నాం, మావాడికి రోజుకి మూడు మామూలు. రెండో రోజు సగం తిండి మిగిల్చాడని సాయంత్రమే ఫోన్ చేశారు. గడ్డలు మూడూ ఉన్నాయి కాబట్టి కంగారు పడలేదు, తడి ఆహారం కాస్త వెచ్చచేసి పెడితే తినేశాడు. అదే మగపిల్లి మాటిమాటికీ ట్రేలోకి వెళ్లి ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే మూత్రనాళం మూసుకుపోయినట్టే, తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరకి పరిగెత్తాలి. పది పిల్లులున్న చోట ఇంత నిశితంగా ఎవరు చూస్తారు?

ఇన్సులిన్ సూదులు వేయాల్సిన పిల్లికి, నమ్మకంగా తాళం ఇచ్చే మనిషే లేని ఇంటికి డాక్టర్ ఉన్న బోర్డింగే నయం, ఒప్పుకుంటాను. బాల్కనీకి జాలీ లేకపోతే ఆ తలుపు వారమంతా మూసే ఉంచాలి కూడా.

అసలు తాళం ఇచ్చే మనిషి లేకపోవడమే నన్ను బాధపెట్టేది. మా విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా అపార్ట్‌మెంట్లు లేచాయి, సీసీ కెమెరాలు వచ్చాయి, ఎదురింటాయన పేరు మాత్రం తెలియదు. ఒకప్పుడు ఊరెళ్తే పక్కింట్లో తాళం ఇచ్చి, మొక్కలకి నీళ్లు పోయమని చెప్పి బండెక్కేవాళ్లం. పిన్నిగారితోనూ నాలుగేళ్లు లిఫ్టులో నవ్వులే తప్ప మాటల్లేవు, పిల్లి కోసమే మొదటిసారి తలుపు కొట్టాను. ఇప్పుడు వాళ్ల రెండో తాళం కూడా మా ఇంట్లోనే ఉంటోంది.